మూడు దారులూ ఒకచోటికే రావాలి

2024 పరిపూర్ణ వర్గమా? కాదని చెప్పడానికి వర్గమూలం తీయనక్కర్లేదు. అంకెలన్నీ కూడితే 8 వస్తుంది. ఎనిమిదిని మూడుతో భాగిస్తే శేషం 2. మూడుతో భాగించినప్పుడు ఏ సంఖ్యకైనా, దాని అంకెల మొత్తానికైనా శేషం ఒకటే కాబట్టి 2024కూ శేషం 2. ఏ పూర్ణసంఖ్య వర్గానికీ ఆ శేషం రాదు.

ఈ చివరి మాటకు రుజువు కావాలి. అన్ని సంఖ్యలనూ వర్గం చేసి చూడటం కుదరదు. అందుకని వాటిని మూడు గుంపులుగా విడదీస్తాం. మూడుతో భాగిస్తే శేషం 0, 1, 2లలో ఏదో ఒకటే అవుతుంది కాబట్టి బయట మిగిలే సంఖ్య ఉండదు.

మొదటి గుంపు సంఖ్య 3k. దాని వర్గం 9k², శేషం 0. రెండోది 3k+1. వర్గం 9k²+6k+1, శేషం 1. మూడోది 3k+2. వర్గం 9k²+12k+4. ఇక్కడ చివరి 4లోంచి మరో మూడు పోతుంది కనుక శేషం మళ్లీ 1.

ఇప్పుడు మన చేతిలో ఏముంది? శేషం 0 గానీ 1 గానీ అవుతుందన్న మాట. ఒక్కో దారి తన ఫలితం తను ఇస్తే, చివరికి ఆ ఫలితాలను ‘లేదా’తో కలిపి చెప్పడం వరకే మనకు హక్కు. తర్కశాస్త్రంలో దీన్ని కన్‌స్ట్రక్టివ్ డైలమా అంటారు. ‘శేషం 0’ అని తేల్చేయలేం, ఎందుకంటే మన సంఖ్య ఏ గుంపుదో మనకు తెలియదు. కానీ శేషం 0 అయినా 1 అయినా, అది 2 మాత్రం కాదు. దారులన్నీ ఈ ఒక్క మాటనే ఇస్తున్నాయి. ‘2 కాదు, లేదా 2 కాదు’ అంటే ‘2 కాదు’ అనే కదా! అలా ‘లేదా’ మాయమవుతుంది. గుంపు తెలియకపోయినా నష్టం లేదు.

ఒక్క దారి వేరే చోటికి పోతే? వర్గాల బదులు ఘనాలు తీసుకోండి. మొదటి గుంపులో 3 ఘనం 27, శేషం 0. రెండో గుంపులో 4 ఘనం 64, శేషం 1. ఆ రెండు గుంపుల్లో ఏ సంఖ్య తీసుకున్నా ఇంతే. ఇక్కడే ఆగి ‘ఘనానికీ శేషం 2 రాదు’ అని రాసేసే విద్యార్థులుంటారు; మూడోది కూడా అలాగే ఉంటుందిలే అనుకుంటారు. మూడో గుంపులో మొదటి సంఖ్య 2. దాని ఘనం 8, శేషం 2.