ఒకే ఈమెయిల్, ఒక్కొక్కరికి ఒక్కోలా

ఒక అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి మెయింటెనెన్స్ లెక్కలు ఎక్సెల్‌లో వేసి, ఆ పట్టికను కాపీ చేసి అవుట్‌లుక్‌లో ఈమెయిల్‌గా పెట్టారనుకుందాం. బాకీ ఉన్న ఫ్లాట్లను ఎరుపు రంగులో చూపించారు. పైన "ఎరుపులో ఉన్నవాళ్లు ఈ నెల 10లోగా కట్టగలరు" అని రాశారు. అక్షరాలు అందంగా ఉంటాయని మండలి ఫాంటు ఎంచుకున్నారు. ఆయన తెరమీద అంతా కుదురుగానే ఉంది. పంపిన కాసేపటికి ఫోన్లు మొదలయ్యాయి. "ఎరుపులో ఎవరున్నారండీ? నాకు అన్నీ నల్లగానే ఉన్నాయి" అన్నారు ఒకరు. మరొకరి ఫోన్లో పట్టిక కుడివైపు తెర దాటిపోయింది. ఇంకొకరికి ఫాంటు మారిపోయి, ఒక్క వరుసలో ఉండాల్సిన పేర్లు రెండేసి వరుసలయ్యాయి.

ఇందులో ఏదీ దారిలో చెడిపోలేదు. ఆయన చూసిన పేజీ అసలు ప్రయాణమే చేయలేదు. ప్రయాణం చేసింది అక్షరాలు, వాటిని ఎలా చూపాలో చెప్పే సూచనలు. ఆ సూచనలను చదువుకుని పేజీని మళ్లీ గీసే పని అందుకున్నవారి ఫోన్‌దో కంప్యూటర్‌దో.

1982 నాటి ఈమెయిల్ ప్రమాణం ప్రకారం సందేశమంటే ఇంగ్లిష్ అక్షరాల వరుస మాత్రమే. రంగుకూ పట్టికకూ కాదు కదా, తెలుగుకే అందులో చోటు లేదు. 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించిన మైమ్ అనే ప్రమాణం ఆ గోడను తొలగించింది. ఇతర భాషల లిపులు, బొమ్మలు, జోడింపులు ఈమెయిల్‌లో వెళ్లడానికి దారి చేసింది. దానితోపాటు ఒకే సందేశాన్ని రెండు రూపాల్లో పంపే ఏర్పాటూ తెచ్చింది. ఇవాళ మనం పంపే చాలా ఈమెయిళ్లు నిజానికి ఒకే కవరులో పెట్టిన రెండు ప్రతులు. ఒకటి ఉత్త అక్షరాల ప్రతి, అదే ప్లెయిన్ టెక్స్ట్. రెండోది అలంకారాలున్న హెచ్‌టీఎంఎల్ ప్రతి. లోపల ఇలా ఉంటుంది:

```
Content-Type: multipart/alternative; boundary="abc123"

--abc123
Content-Type: text/plain; charset="UTF-8"

ఫ్లాట్ 204

--abc123
Content-Type: text/html; charset="UTF-8"

<p style="color:red">ఫ్లాట్ 204</p>

--abc123--
```

సాదా ప్రతి ముందు, హంగులున్నది తర్వాత రావాలన్నది నియమం. అందుకున్న సాఫ్ట్‌వేర్ తనకు అర్థమయ్యేవాటిలో చివరిదాన్ని చూపిస్తుంది. అయితే కొన్ని ఆఫీసుల్లో భద్రత కోసం అన్ని మెయిళ్లనూ ప్లెయిన్ టెక్స్ట్‌లోనే చూపేలా పెట్టుకుంటారు. అలాంటి చోట మొదటి ప్రతే తెరమీదికి వస్తుంది. పై ఉదాహరణలో ఎరుపు అన్న సమాచారం రెండో ప్రతిలోనే ఉందని గమనించండి. "అన్నీ నల్లగానే ఉన్నాయి" అన్నాయన చూసింది మొదటి ప్రతిని. అందులో బాకీదారు ఎవరో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. పట్టిక గీతలు కూడా ఉండవు. గడుల్లోని పేర్లు, అంకెలు విడివిడిగా కిందకి జారిపోతాయి.

జీమెయిల్ వాడేవారు కంప్యూటర్‌లో ఏ సందేశాన్నైనా తెరిచి, పక్కనున్న మూడు చుక్కల మెనూలో Show original నొక్కితే ఈ లోపలి రూపం కనిపిస్తుంది. తెలుగు ఉండాల్సిన చోట అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. రవాణా కోసం అలా మార్చి పంపుతారు, అవతల మళ్లీ తెలుగవుతుంది.

హెచ్‌టీఎంఎల్ ప్రతి అందినా అందరికీ ఒకేలా కనబడదు. మామూలుగా మెయిల్‌తో వెళ్లేది ఫాంటు కాదు, ఫాంటు పేరు. మండలి ఫాంటు అవతలివారి దగ్గర లేకపోతే వాళ్ల పరికరం తన తెలుగు ఫాంటుతో సర్దుకుంటుంది. విండోస్‌లో అది సాధారణంగా నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు. ఒక్కోదాని అక్షరాల వెడల్పు, ఒత్తుల కింద వదిలే జాగా ఒక్కో తీరు. అందుకే గడులు ఉబ్బి, పేర్లు రెండో వరుసలోకి దిగాయి. ఎక్సెల్ నుంచి వచ్చిన పట్టికలో గడుల కొలతలు కూడా వెంట వస్తాయి. కంప్యూటర్‌కు సరిపోయిన ఆ వెడల్పు ఫోన్ తెరకు పట్టదు.

సూచనలను చదివే యంత్రాంగం కూడా అందరిదీ ఒకటి కాదు. విండోస్‌లోని అవుట్‌లుక్ 2007 నుంచి హెచ్‌టీఎంఎల్‌ను గీయడానికి బ్రౌజర్ యంత్రాంగాన్ని వదిలి, వర్డ్ యంత్రాంగాన్ని వాడింది. గుండ్రటి మూలలు, వెనుక పరిచే బొమ్మలు వంటివి వర్డ్‌కు సరిగా పట్టవు. జీమెయిల్‌లో ముచ్చటగా ఉన్న ఆహ్వానం ఆ అవుట్‌లుక్‌లో పెట్టెలు పెట్టెలుగా కనబడటానికి ఇదే కారణం. ఇటీవలి కొత్త అవుట్‌లుక్ తిరిగి బ్రౌజర్ యంత్రాంగానికి వచ్చింది కానీ, పాతది వాడే ఆఫీసులు ఇంకా చాలా ఉన్నాయి.

రిచ్ టెక్స్ట్ సంగతి వేరు. ఇది అవుట్‌లుక్ సొంత పద్ధతి. అలంకారాలనూ జోడించిన ఫైళ్లనూ కలిపి మైక్రోసాఫ్ట్ తరహా మూటగా కట్టి పంపుతుంది. మామూలుగా బయటివారికి పంపేటప్పుడు అవుట్‌లుక్ దాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చేస్తుంది. ఆ సెట్టింగ్ మారి ఉంటే మాత్రం, ఆ మూట విప్పలేని సాఫ్ట్‌వేర్‌లో winmail.dat అనే ఫైలు ఒక్కటే కనిపిస్తుంది. మీరు జోడించిన పీడీఎఫ్ దానిలోపలే చిక్కుకుని ఉంటుంది. ఎవరైనా ఆ పేరు చెప్పి ఫైలు తెరుచుకోవడం లేదంటే, తప్పు వాళ్ల కంప్యూటర్‌ది కాదు. మీరు రాసిన సందేశం కిటికీ పైన Rich Text అని ఉందేమో చూసి, Format Text మెనూలో HTML ఎంచుకుని మళ్లీ పంపాలి. బయటివారికి ఉత్తరాలు రాసేవారికి రిచ్ టెక్స్ట్ అవసరమే లేదని నా అభిప్రాయం.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లలో చాలావాటికి యూనికోడ్‌తో సంబంధం లేదు. వాటిలో టైపు చేసినప్పుడు లోపల నమోదయ్యేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్య. ఫాంటు వాటిమీద తెలుగు ఆకారాన్ని తొడుగుతుంది. ఆ మేటర్‌ను మెయిల్‌లో అతికిస్తే, ఫాంటు లేనివారికి పిచ్చి గీతలే మిగులుతాయి. ప్లెయిన్ టెక్స్ట్ ప్రతిలోనైతే ఫాంటు పేరు కూడా పోతుంది కాబట్టి, అను ఫాంట్లున్న కంప్యూటర్‌లోనూ అదే గతి. అలాంటి మేటర్‌ను పంపేముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. యూనికోడ్ తెలుగైతే ఫాంటు మారినా, రంగు పోయినా తెలుగుగానే ఉంటుంది.

మన కోశాధికారి దగ్గరికి వద్దాం. ఆయన పట్టికను పీడీఎఫ్‌గా చేసి జోడించవచ్చు. పీడీఎఫ్‌లో ఫాంటును కూడా పొదగవచ్చు కాబట్టి వరుసలు చెదరవు. అయినా మెయిల్‌లో రంగుకు అప్పగించిన పనిని మాటకు అప్పగించాలి: "ఫ్లాట్ 204, బాకీ 6,000 రూపాయలు" అని ఒక్కో బాకీ ఒక్కో వరుసలో. పంపేముందు అవుట్‌లుక్‌లోని Format Text మెనూలో ఒకసారి Plain Text నొక్కి చూడాలి. అలంకారమంతా పోయాక కూడా ఎవరు ఎంత కట్టాలో తెలుస్తుంటే, Ctrl+Z నొక్కి వెనక్కి వచ్చి, ముందు తన ఫోన్‌కే ఒక కాపీ పంపుకుని, తర్వాత అందరికీ పంపవచ్చు.