ఉమ్మడి గేటుకు మోటారు: పక్కింటికి ఒక మెయిల్

మా రెండిళ్లకూ స్లైడింగ్ గేటు ఒక్కటే. దానికి మోటారు పెట్టిద్దామని, డాలస్‌లో కూతురి దగ్గరున్న పక్కింటి బాబాయిగారికి ఫోన్ చేశాను. ఖర్చు సంగతి అడుగుతారనుకున్నాను. "మనవలు మధ్యలో ఇరుక్కుంటే?" అన్నారు. నోటిమాటగా చెప్పలేక మెయిల్ రాశాను. ఉమ్మడి గేటున్నవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

బాబాయిగారూ, నమస్కారం.

మన గేటు దాదాపు 400 కిలోలు. గేటు అడుగున పళ్ల పట్టీ బిగిస్తారు, మోటారు పళ్లచక్రం దాన్ని నెడుతుంది. ముందు ఫొటోసెల్ గురించి. రెండు స్తంభాలకూ ఎదురెదురుగా, నేలకు అర మీటరు ఎత్తున ఉంటుంది. గేటు మూసుకుంటుండగా వాటి మధ్య కిరణానికి ఎవరైనా అడ్డొస్తే గేటు ఆగి వెనక్కి పోతుంది. అయితే అది ఒక్క గీతే. దాని కిందుగా పాకే పసివాడు దానికి కనబడడు.

అందుకే రెండో ఏర్పాటు. గేటు దేనికైనా తగిలితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, బోర్డు అది పసిగట్టి గేటును వెనక్కి తిప్పుతుంది. ఎంత గట్టిగా తగిలితే తిరగాలన్నది బోర్డులో అమరుస్తారు. ఇరుకు సందుల్లో తాకిడి 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువు మోపినంత, దాటకూడదని యూరప్ ప్రమాణం. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పట్టాలో మట్టి చేరి గేటు బిగుసుకుంటే, మట్టి తీయకుండా మోటారు బలం పెంచేసి పోయే మెకానిక్కులున్నారు. గేటు హాయిగా నడుస్తుంది, కానీ మనిషి తగిలినా ఆగదు. మన దగ్గర ముందు పట్టా శుభ్రం చేయించాకే బోర్డు ముట్టుకోవాలని చెప్పాను. గేటు అంచుకు, నొక్కుకుంటే వెంటనే ఆపే రబ్బరు పట్టీ కూడా వేయిస్తున్నాను.

మూసుకునేటప్పుడే కాదు, తెరుచుకునేటప్పుడూ ప్రమాదమే. ఊచల మధ్య చెయ్యి పెట్టిన పిల్లాడి మోచేతిని గేటు గోడ పక్కకు లాక్కుపోతుంది. అక్కడ ఫొటోసెల్ ఉండదు. అందుకని ఊచలకు నాలుగడుగుల ఎత్తు దాకా సన్నకళ్ల జాలీ బిగించాలి. గేటు పట్టా దాటి పడకుండా రెండు కొసల్లో ఇనుప అడ్డాలు కూడా ఉంటాయి.

కరెంటు పోతే తాళంచెవితో మోటారు విడదీసి చేత్తో తోసుకోవచ్చు. చెవి చెరొకటి. నెలకోసారి ఖాళీ అట్టపెట్టెను కిరణానికి అడ్డం పెట్టి, తర్వాత కిరణానికి అందని చోట చెక్కను గేటుకు తగిలేలా నిలబెట్టి చూద్దాం. గేటు వెనక్కి పోకపోతే, బాగుచేసేదాకా మోటారు ఆపేసి చేత్తోనే తోసుకుందాం. మీరు సరేనన్నాకే పని మొదలవుతుంది.

మర్నాడు జవాబొచ్చింది: "జాలీ నాలుగడుగులు చాలదు, పైదాకా వేయించు నాయనా." వేయిస్తున్నాం.