కయత్తారు లేఖ: మూలాధారమును పరీక్షించు విధము

చరిత్ర పాఠములో పాఠ్యకర్త తన మాటలను ఆపి, ఆ కాలపు మనుష్యుడు వ్రాసిన ఉత్తరమునుండియో దినచర్యనుండియో శాసనమునుండియో నాలుగు వాక్యములను ఎత్తి చూపుట కలదు. అట్టి దానిని మూలాధారము అందురు. దాని క్రింద సాధారణముగ నాలుగు ప్రశ్నలుండును. దీనిని వ్రాసినవాడెవడు? ఏ ప్రయోజనము కొఱకు వ్రాసెను? ఎవరు చదువుటకు వ్రాసెను? ఇందు పక్షపాతమున్నదా?

మన విద్యార్థులు ఈ ప్రశ్నలకు రెండు విధములుగ ఉత్తరము వ్రాయుచుందురు. కొందఱు, "కన్నులార చూచినవాడు వ్రాసెను గనుక ఇది సత్యము" అందురు. మఱికొందఱు, "శత్రువు వ్రాసెను గనుక ఇది అసత్యము" అందురు. ఈ రెండును లేఖను చదువకయే చెప్పదగిన ఉత్తరములు. చదివి చెప్పు విధమెట్టిదో మన ప్రాంతమునకు చెందిన ఒక లేఖనుబట్టి చూతము.

1799వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన పాంచాలంకుఱిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను ఈస్టిండియా కుంఫిణీవారు కయత్తారులో ఉరితీసిరి. కయత్తారు మధురనుండి తిరునెల్వేలికి పోవు రాజమార్గముమీద, కోవిల్పట్టికి దక్షిణమున ఉన్నది. ఉరితీయించిన సేనాని మేజరు జాన్ బానర్మను మఱునాడు మద్రాసు ప్రభుత్వమునకు ఒక లేఖ వ్రాసెను. అందులో మనము పరీక్షింపబోవు భాగము యొక్క సారాంశమిది:

విచారణ జరిగినంతసేపును కట్టబొమ్మన జంకులేక, గర్వముగ ప్రవర్తించెను. తన్ను పట్టుకొనుటకు మిక్కిలి పాటుపడిన ఎట్టయాపురము పాళెగానిని, శివగిరి పాళెగానిని పలుమారు రోషముతోను తిరస్కారముతోను చూచెను. ఉరికి పోవునపుడు స్థిరమైన అడుగులతో నడచుచు, ఇరుప్రక్కల నున్న పాళెగాండ్రపై ఏవగింపు చూపులు పఱపెను. త్రోవలో తన మూగ తమ్మునిగూర్చి మాత్రమే చింతించెననియు, చెట్టు మొదటికి చేరిన పిమ్మట, కోటను విడిచి రాక దానిని కాపాడుచు చచ్చియుండినచో మేలుగ నుండెడిదని విచారించెననియు తనకు తెలియవచ్చినట్లు బానర్మను వ్రాసెను.

ఇప్పుడు ప్రశ్నలను వరుసగ తీసికొందము.

రచయిత యెవడు? "ఆంగ్ల సేనాని" అన్నచో ఉత్తరము పూర్తికాదు. ఆ దినమున అతడు చేసిన పనులేవో చూడవలెను. సెప్టెంబరు 5వ తేదీన పాంచాలంకుఱిచ్చి కోటను ముట్టడించినవాడు ఇతడే. ఆ మొదటి దాడిలో అతని సేన కోటలో ప్రవేశింపలేక, పలువురను పోగొట్టుకొని వెనుకకు మరలెను. తరువాత కట్టబొమ్మన కోట విడిచిపోగా, పుదుక్కోట తొండమాను అతనిని పట్టించి కుంఫిణీకి అప్పగించెను. కయత్తారులో విచారణ నడపినవాడును బానర్మనే. ఉరికి ఆజ్ఞ యిచ్చినవాడును అతడే. యుద్ధమున ప్రతిపక్షి, విచారణలో న్యాయాధిపతి, మఱునాడు లేఖకుడు: మూడు పాత్రలును ఒక్కనివి. నేరములకు కట్టబొమ్మన చెప్పుకొన్న సమాధానము ఈ లేఖలో ఎంత యున్నను, అది అతనిని ఉరితీయించినవాని కలమునుండియే మనకు వచ్చుచున్నదని గుర్తుంచుకొనవలెను.

ప్రయోజనమేమి? తనకు అప్పగింపబడిన పని ముగిసినదని తెలుపుట మొదటి ప్రయోజనము. అది సరియైన పనియే యని పైవారు ఒప్పుకొనునట్లు చేయుట రెండవది. 1792వ సంవత్సరపు ఒడంబడికనుబట్టి పాళెగాండ్రవద్ద కప్పము వసూలు చేయు అధికారము కుంఫిణీకి వచ్చెను. పాళెగాండ్రు దానిని మనస్ఫూర్తిగ అంగీకరింపలేదు. ఒకనిని కఠినముగ శిక్షించి తక్కినవారిని లొంగదీయుట కుంఫిణీ ఉద్దేశము. అందుచేతనే ఇతర పాళెగాండ్రనందఱను పిలిపించి, వారి యెదుట, అందఱు నడచు మార్గముచెంత ఉరితీయించిరి.

ఎవరు చదువుటకు? ఇక్కడ విద్యార్థులు తఱచుగ పొరబడుదురు. ఉరిని చూచుటకు పిలువబడినవారు పాళెగాండ్రు. లేఖను చదువవలసినవారు మద్రాసులోని అధికారులు. ఈ రెండును వేఱు. పాళెగాండ్రకు భయము కలుగవలెను. అధికారులకు తృప్తి కలుగవలెను. లేఖ రెండవదాని కొఱకు వ్రాయబడినది. ఆ అధికారులకు పాళెగాండ్ర సంగతి ముందే తెలిసియుండెను. 1798వ సంవత్సరమున రామనాథపురములో కట్టబొమ్మనకును కలెక్టరు జాక్సనుకును నడుమ జరిగిన సమావేశము గలభాగ ముగిసి, లెఫ్టినెంటు క్లార్కు అనువాడు చంపబడెను. ఆ వ్యవహారమును విచారించిన ప్రభుత్వము తన కలెక్టరునే పదవినుండి తొలగించెను. కనుక చదువరులు ప్రశ్నలు వేయగలవారని బానర్మనుకు తెలియును. అట్టివారికి వ్రాయునపుడు మనుష్యుడు విశేషణములను ఒక తట్టు మొగ్గించినను, నలుగురు చూచిన సంగతిని లేనిదిగ చెప్పుటకు జంకును.

ఇక పక్షపాతము. దీనిని కనుగొనుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. లేఖలోని మాటలను మూడు వరుసలుగ విడదీయుడు. కంటితో చూచినవి మొదటి వరుస. చెవితో విన్నవి రెండవది. మనస్సుతో తీర్చినవి మూడవది.

కట్టబొమ్మన నడచెను, ఆ పాళెగాండ్రవైపు పలుమారు చూచెను: ఇవి చూచినవి. "గర్వము", "ఏవగింపు": ఇవి తీర్చినవి. మూడవ వరుసలోని మాటలను తీసివేసి, వానికి ఎదురు మాటలను పెట్టి చదువుడు. గర్వమునకు మాఱు ధైర్యమని, ఏవగింపునకు మాఱు నిందయని పెట్టినచో అదే నడక, అవే చూపులు ఒక వీరునివిగ మాఱును. 1959వ సంవత్సరమున వెలువడిన 'వీరపాండియ కట్టబొమ్మన్' చలనచిత్రము చేసినది ఇట్టి పనియే. విశేషణమును మార్చినను మాఱక నిలిచిన భాగమే సాక్ష్యము. మాఱిపోయిన భాగము రచయిత మనస్సునకు ప్రతిబింబము.

అయితే మాఱని భాగమును ఎంతవఱకు నమ్మవచ్చును? దానికి వేఱొక పరీక్ష కలదు. ఈ సంగతి వ్రాయుటవలన రచయితకు లాభమా, నష్టమా? కట్టబొమ్మన వణకెననియో, క్షమింపుమని వేడెననియో వ్రాసినచో బానర్మను పనికి చక్కగ సరిపోయెడిది. అట్టి మాటను మనము అనుమానించి యుందుము. అతడు వ్రాసినది దానికి విరుద్ధము. భయపెట్టుటకు ఏర్పఱచిన ఉరికంబము ఎదుట, భయపడవలసినవాడు స్థిరముగ నడచెనని ఉరితీయించినవాడే ఒప్పుకొనుచున్నాడు. పైగా, ఈ సంగతి చెప్పుట అనుచితము కాదేమో యని చిన్న పీఠిక పెట్టి మఱి చెప్పుచున్నాడు. ఉద్యోగధర్మము అడుగని మాట అది. తనకు అక్కఱలేనిదియు, తన యెత్తునకు అనుకూలింపనిదియు అయిన సంగతిని ప్రతిపక్షి చెప్పినపుడు, ఆ సంగతికి బలము హెచ్చు.

చెట్టు మొదట పలికిన మాటల విషయము వేఱు. వానిని బానర్మను స్వయముగ వినలేదు. తనకు తెలియవచ్చినదని మాత్రమే వ్రాసెను. ఎవరు విని చెప్పిరో, కట్టబొమ్మన ఏ భాషలో పలికెనో ఆ వాక్యమున లేదు. అతని వంశమువారు తెలుగు ఇంటిభాషగా గల రాజకంబళమువారు, చుట్టును తమిళదేశము, లేఖ ఆంగ్లమున నున్నది. ఒక నోటినుండి వేఱొక చెవికి, ఒక భాషనుండి వేఱొక భాషకు మాఱిన మాట అది. కనుక ఈ లేఖవలన రుజువగునది ఒక్కటే: ఉరి జరిగిన మఱునాటికే ఆ మాటలు కయత్తారు శిబిరమున చెప్పుకొనబడుచుండెను. అతడు నిజముగ అట్లు పలికెనని దీనివలన రుజువుకాదు.

భాష మాట వచ్చినది గనుక మన పాఠశాలల కొక హెచ్చరిక. ఈ లేఖాభాగమును బిషప్ కాల్డువెల్ 1881వ సంవత్సరమున ప్రకటించిన తిరునెల్వేలి జిల్లా చరిత్రలో చేర్చెను. అక్కడనుండి పాఠ్యకర్త కొంత కత్తిరించును, అనువాదకుడు తెనిగించును. బానర్మను వాడిన ఒక ఆంగ్ల విశేషణమును ఒకడు గర్వమనును, వేఱొకడు ధిక్కారమనును, ఇంకొకడు గాంభీర్యమనును. అనువాదమున చదువువారు మూడవ వరుసలోని మాటలను తూచునపుడు, అందు అనువాదకుని పాలుకూడ నుండునని తలపవలెను.

మనలోని పక్షపాతమును ఈ వరుసలలో పెట్టి చూచుట మేలు. కట్టబొమ్మన తెలుగువాడని వినగానే మన మనస్సు అతనివైపు ఒఱగును. కాని అతనిని పట్టుటకు పాటుపడిన ఎట్టయాపురమువారును అదే రాజకంబళమునకు చెందిన తెలుగువంశము వారే. తెలుగువాడు ఒకవైపు, పరులు వేఱొకవైపు అను కొలత ఇక్కడ పనిచేయదు. ఆ పాళెగానిపై కట్టబొమ్మన పఱపిన చూపునకు కారణము ఇరుగుపొరుగు పాళెముల పాత వైరములో కొంత, కుంఫిణీ పక్షము చేరుటలో కొంత వెదకవలసి యుండును.

ఒక సాక్షిని వేఱొక సాక్షితో పోల్చుట తుదిమెట్టు. 1801వ సంవత్సరమున ఆ మూగ తమ్ముడు పాళయంకోట చెఱనుండి తప్పించుకొని, పాంచాలంకుఱిచ్చి కోటను మరల కట్టించి పోరాడెను. ఆ యుద్ధమున పాల్గొన్న జేమ్సు వెల్షు అను సైనికోద్యోగి 1830వ సంవత్సరమున తన జ్ఞాపకములను లండనులో ప్రకటించెను. అందు ఆ మూగవానిని అతడు ఎంతయో మెచ్చుకొనెను. అతడును కుంఫిణీ సేనలోనివాడే. అయినను అతని చదువరులు అధికారులు కారు, సామాన్య పాఠకులు. యుద్ధము ముగిసి దాదాపు ముప్పది యేండ్లు గడచెను. సమర్థించుకొనవలసిన ఆజ్ఞ యేదియు అతనికి లేదు. పక్షము ఒక్కటే యైనను ప్రయోజనము, చదువరి మాఱగా స్వరము మాఱినది. కాని ముప్పది యేండ్ల జ్ఞాపకము మఱునాటి లేఖ వంటిది కాదు. వెల్షు స్వరమున నిష్పాక్షికత హెచ్చు. బానర్మను లేఖలో సామీప్యము హెచ్చు.

పరీక్షలో ఈ భాగమును ఇచ్చినచో ఉత్తరము ఇట్లుండవచ్చును: "ఈ లేఖను ఉరికి ఆజ్ఞ యిచ్చిన మేజరు బానర్మను, తన చర్యను తెలిపి సమర్థించుకొనుటకై, మద్రాసు ప్రభుత్వమునకు 1799 అక్టోబరు 17వ తేదీన వ్రాసెను. ఇందలి విశేషణములు అతని పక్షపాతమును చూపును. కట్టబొమ్మన స్థిరముగ నడచెనను సంగతి రచయిత ప్రయోజనమునకు అనుకూలింపనిది గనుక నమ్మదగినది. చివరి మాటలు విన్నవారి ద్వారా వచ్చినవి గనుక సందేహింపదగినవి. ఉరి న్యాయమా కాదా యను ప్రశ్నకు ఈ లేఖ ఒక్కటి చాలదు. ఏలయన, ఇందు మాటలాడువాడు ఒక పక్షమువాడు మాత్రమే."