ఉద్యోగం రానివాళ్లూ గుర్తుపెట్టుకునే ప్రకటన

ముగ్గురు ఫ్రెషర్లు కావాలని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రకటన ఇస్తే రెజ్యూమేలు వందల్లో వచ్చిపడతాయి. ఉద్యోగం దక్కేది ముగ్గురికే. మిగిలినవాళ్లకు ఆ కంపెనీ గురించి తెలిసేవి రెండే: ఆ ప్రకటనలో రాసిన మాటలు, ఆ తర్వాత తమతో నడుచుకున్న తీరు. కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లోనూ, హాస్టల్ గదుల్లోనూ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనూ కంపెనీ పేరును మోసేది వీళ్లే. వచ్చే ఏడాది దరఖాస్తు చేసేది వీళ్ల జూనియర్లు.

ఉద్యోగం ఇచ్చే సంస్థగా కంపెనీకి ఉండే ఈ పేరునే ‘ఎంప్లాయర్ బ్రాండ్’ అంటున్నారు. 1996లో టిమ్ ఆంబ్లర్, సైమన్ బారో ఈ భావనను ఒక వ్యాసంలో వివరించారు. ఉద్యోగం మనిషికి మూడు రకాలుగా మేలు చేస్తుందని వాళ్లు చెప్పారు. చేసే పని, దానివల్ల ఎదుగుదల ఒకటి. డబ్బు రెండోది. ఫలానా చోట పనిచేస్తున్నానన్న మానసిక తృప్తి మూడోది. పెద్ద కంపెనీల విషయంలో ఈ మూడూ ప్రకటన చూడకముందే జనానికి కొంత తెలుసు. చిన్న కంపెనీకి ఆ సౌకర్యం లేదు. దాని ప్రకటనే దాని తొలి పరిచయం.

అందరూ రాసేది

విశాఖపట్నంలో మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఇరవై మంది కంపెనీ ఒకటి ఉందనుకుందాం. మామూలుగా అయితే దాని ప్రకటన ఇలా ఉంటుంది:

> అర్జెంట్ రిక్వైర్‌మెంట్! ఫ్రెషర్స్. జావా, పైథాన్, రియాక్ట్, క్లౌడ్ తెలిసి ఉండాలి. గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్ తప్పనిసరి. జీతం ఇండస్ట్రీ స్టాండర్డ్స్ ప్రకారం. ఇమ్మీడియట్ జాయినర్స్ మాత్రమే.

ఇది ఏ కంపెనీ ప్రకటనైనా కావచ్చు. నకిలీ కన్సల్టెన్సీ వేసినదైనా కావచ్చు. డిపాజిట్ కట్టించుకుని మాయమయ్యేవాళ్ల గురించి విన్న విద్యార్థి, వాడి వెనక నిలబడి చదివే తండ్రి, మొదట వెతికేది ‘ఇది నిజమేనా’ అన్న ప్రశ్నకు జవాబు. ఆ జవాబు ఇందులో లేదు.

నైపుణ్యాల జాబితా వల్ల జరిగే నష్టం ఇంకొకటుంది. ఇప్పుడే చదువు ముగించినవాళ్లకు ఆ నాలుగూ గట్టిగా వచ్చి ఉండటం అరుదు. నిజాయితీగా ఆలోచించే పిల్లలు ‘నాకు రెండే వచ్చు’ అని వెనక్కి తగ్గుతారు. ప్రకటనలోని మాటలన్నీ రెజ్యూమేలోకి ఎక్కించినవాళ్లు ముందుకొస్తారు. అంటే కంపెనీకి కావలసినవాళ్లనే ప్రకటన తరిమేస్తోంది.

పని గురించి చెప్పడం

మొదటి ఆరు నెలలు ఆ కుర్రవాడు లేదా ఆ అమ్మాయి రోజూ ఏం చేస్తారో రాయాలి. అందుకు హెచ్‌ఆర్ కంటే, పోయినేడు చేరిన ఫ్రెషర్‌ను అడగడం మేలు. మన ఉదాహరణ కంపెనీలో ఆ జవాబు ఇలా ఉండొచ్చు: మొదటి రెండు నెలలు టెస్టింగ్, షాపుల నుంచి వచ్చే ఫిర్యాదు కాల్స్ వినడం, తర్వాత సీనియర్ పక్కన కూర్చుని చిన్న బగ్‌లు సరిచేయడం, ఆరో నెలకు ఒక రిపోర్టు స్క్రీన్‌ను సొంతంగా రాయడం.

ఇందులో విసుగు పుట్టించే పని కూడా ఉంది. దాన్ని దాచకూడదు. ఫిర్యాదు కాల్స్ సంగతి ముందే తెలిసి వచ్చినవాళ్లు రెండో వారంలో మోసపోయామనుకోరు. అది నచ్చనివాళ్లు దరఖాస్తే పెట్టరు. అది ఇద్దరికీ మంచిదే.

అర్హతలనూ రెండుగా విడగొట్టాలి. వచ్చి తీరాల్సినవి ఒకటి రెండుంటాయి: ఏదో ఒక భాషలో లూప్‌లు, ఫంక్షన్లు వాడి ప్రోగ్రామ్ రాయగలగడం, తెలుగులో షాపువాళ్లతో ఓపిగ్గా మాట్లాడగలగడం. మిగతావి ‘మేం నేర్పుతాం’ కిందికి వస్తాయి. ‘టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం’ అన్న షరతు పెట్టే ముందు, ఆ అంకె లేకపోతే పని ఎక్కడ చెడుతుందో చెప్పగలమా అని కంపెనీ తనను తాను అడగాలి. చెప్పలేకపోతే తీసేయాలి.

జీతం, బాండ్

ఫ్రెషర్‌కు సీటీసీ అంకె కంటే నెలనెలా చేతికొచ్చే అంకె ముఖ్యం. అద్దె, మెస్ బిల్లు, ఇంటికి పంపే డబ్బు అందులోంచే. సీటీసీ ఏడాదికి 3,60,000 అయితే నెలకు 30,000. బేసిక్ 15,000 అనుకుంటే అందులో 12 శాతం, అంటే 1,800, కంపెనీ వాటా పీఎఫ్. అదీ సీటీసీలోదే. మిగిలిన 28,200లోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 26,200 వస్తుంది. ఈ ఒక్క అంకె రాస్తే చాలు, మొదటి జీతం రోజున మొహం మాడదు.

బాండ్ ఉంటే ఎంతకాలమో, మధ్యలో వెళితే ఎంత కట్టాలో ప్రకటనలోనే ఉండాలి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక బయటపడే బాండ్ కంపెనీ పేరుకు చేసే చేటును ఏ పొగడ్తా పూడ్చలేదు.

తిరగరాస్తే

> మందుల షాపులు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. ముగ్గురు ఫ్రెషర్లు కావాలి. పని విశాఖ ఆఫీసులోనే, సోమవారం నుంచి శుక్రవారం వరకు. నెలకో శనివారం సపోర్ట్ డ్యూటీ.
> మొదటి రెండు నెలలు టెస్టింగ్, ఫిర్యాదు కాల్స్. ఆ తర్వాత సీనియర్ పక్కన కోడింగ్. ఆరో నెలకు మీరు రాసిన స్క్రీన్ షాపుల్లో వాడుకలో ఉండాలన్నది మా లక్ష్యం.
> ఏదో ఒక భాషలో ప్రోగ్రామ్ రాయడం రావాలి. జావా మేం నేర్పుతాం. ఏ బ్రాంచి, ఏ సంవత్సరం అయినా సరే.
> సీటీసీ 3.6 లక్షలు, చేతికి నెలకు సుమారు 26,200. బాండ్ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచుకోం. ఏ దశలోనూ డబ్బు అడగం.
> గంట రాతపరీక్ష, ఒక ఇంటర్వ్యూ. పరీక్ష రాసిన ప్రతి ఒక్కరికీ పది రోజుల్లో ఫలితం మెయిల్ చేస్తాం.

ఇందులో ‘మేం గొప్ప కంపెనీ’ అన్న మాటే లేదు. అయినా చదివినవాళ్లకు కంపెనీ స్వభావం అర్థమవుతుంది. ఆంబ్లర్, బారో చెప్పిన మూడూ ఇందులో ఉన్నాయి. మూడోది, తృప్తి, విశేషణాల్లో లేదు. తను రాసిన స్క్రీన్ ఓ షాపులో వాడతారన్న వాక్యంలో ఉంది.

చివరి వాక్యమే అన్నిటికన్నా ఖరీదైనది. ఉద్యోగం రానివాళ్లకు కంపెనీ ఇచ్చే మాట అదొక్కటే. వందల మెయిళ్లు పంపే మనిషి లేకపోతే ఆ వాక్యం రాయకపోవడమే మేలు. చెప్పి చేయకపోవడం అసలు చెప్పకపోవడం కంటే చెడ్డపేరు తెస్తుంది.

పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

ప్రచురించే ముందు పోయినేడు చేరినవాళ్లకు ప్రకటన చూపించి, ‘ఇందులో ఏ వాక్యం నిజం కాదు?’ అని అడగాలి. వాళ్లు వేలు పెట్టినచోట వాక్యమైనా మారాలి, ఆఫీసైనా మారాలి. ఇంటర్వ్యూలో ‘ప్రకటనలో ఏం చూసి వచ్చారు?’ అని అందర్నీ అడిగి రాసుకోవాలి. దరఖాస్తుల సంఖ్య పెరగడం గెలుపు కాదు, తగ్గినా నష్టం లేదు. రాతపరీక్ష గట్టెక్కేవాళ్ల పాలు పెరిగిందా, ఆఫర్ తీసుకుని చేరనివాళ్లు తగ్గారా, ఎంపిక కానివాళ్లు తమ జూనియర్లను పంపుతున్నారా అన్నది చూడాలి.

జీతం మార్కెట్‌కంటే బాగా తక్కువైతే, నేర్పే సీనియర్‌కు తీరికే లేకపోతే, ఏ ప్రకటనా ఆ లోటు తీర్చదు. ‘సీనియర్ పక్కన కోడింగ్’ అని రాసే ముందు ఆ సీనియర్ రోజులో గంట ఖాళీ చేయాలి. ప్రకటన రాయడంలో మొదటి పని అదే.