ఉన్నది ఆరుగురు, కావలసింది తొమ్మిది మంది

షెడ్యూలింగ్ తరగతిలో ఇచ్చే లెక్క ఒకటి చూద్దాం. ఒక ఇంటి పని. అందుబాటులో ఉన్నది 6 మంది మేస్త్రీలు. ఇంటి గోడలు లేపడానికి రోజుకు నలుగురు చొప్పున 4 రోజులు పడుతుంది. అవి పూర్తయ్యాకే లోపలి ప్లాస్టరింగ్; దానికి రోజుకు ముగ్గురు, 4 రోజులు. ప్రహరీ గోడకు ముగ్గురు 3 రోజులు కావాలి, దాన్ని ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. సెప్టిక్ ట్యాంకు కట్టుబడికి ఇద్దరు, 2 రోజులు. గుంత తవ్వేసరికి రెండో రోజు సాయంత్రమవుతుంది కాబట్టి ఆ కట్టుబడి మూడో రోజుకు ముందు మొదలవదు. మొత్తం పని 8 రోజుల్లో ముగియాలి.

ప్రతి పనినీ వీలైనంత తొందరగా మొదలుపెడుతూ బార్ చార్టు గీస్తే ఎక్కడా చిక్కు కనిపించదు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అది చూపిస్తుంది. ఆ రోజుకు ఎంతమంది మనుషులు కావాలో చూపించదు.

అందుకే రిసోర్స్ హిస్టోగ్రామ్ గీస్తారు. అడ్డంగా రోజులు, నిలువుగా మేస్త్రీల సంఖ్య. ఒక రోజు నడిచే పనులన్నిటికీ కావలసిన మేస్త్రీలను కూడి, ఆ రోజు మీద ఒక స్తంభం నిలబెడతారు. ఆ తర్వాత 6 దగ్గర ఒక అడ్డగీత గీస్తారు. చార్టును చదవడమంటే మొదట ఆ గీతను చూడటమే. మన లెక్కలో మొదటి రెండు రోజులూ గోడలకు నలుగురు, ప్రహరీకి ముగ్గురు, వెరసి 7. మూడో రోజు సెప్టిక్ ట్యాంకు కూడా తోడై స్తంభం 9కి లేస్తుంది. నాలుగో రోజు 6, అక్కడి నుంచి చివరి దాకా 3. గీత దాటిన ఆ మూడు రోజులే ఓవర్ అలొకేషన్: కాగితం మీద పని ఉంది, చేసే మనిషి లేడు.

ఇదే చార్టును వారానికి ఒక స్తంభంగా గీస్తే ఆ లోటు మాయమవుతుంది. ఆరు రోజుల పనివారంలో కావలసింది 35 మేస్త్రీ రోజులు, ఉన్నవి 36. స్తంభం గీత కిందే ఆగిపోతుంది. కాబట్టి ఏ లోడింగ్ చార్టునైనా నమ్మే ముందు దాని ఒక్కో స్తంభం ఎంత కాలాన్ని మోస్తోందో చూడాలి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో `Resource Graph` తెరిచినా ఈ జాగ్రత్త తప్పదు. అక్కడ `Peak Units` ఎంచుకుంటే ఆ వ్యవధిలో అత్యధికంగా కావలసిన సంఖ్య కనిపిస్తుంది. `Work` ఎంచుకుంటే మొత్తం పని గంటలు కనిపిస్తాయి. శిఖరం దాగిపోయేది ఈ రెండో దాంట్లోనే.

శిఖరం దొరికాక, దాని కింద ఉన్న పనుల్లో దేన్ని కదపగలమన్నది తర్వాతి ప్రశ్న. గోడలు, వాటి వెనక ప్లాస్టరింగ్, ఈ రెండూ కలిసి 8 రోజులనూ నింపేస్తాయి. వాటిని ఒక్క రోజు జరిపినా గడువు జారుతుంది. ప్రహరీ గోడకు మాత్రం 5 రోజుల వెసులుబాటు ఉంది. షెడ్యూలింగ్‌లో దీన్నే ఫ్లోట్ అంటారు. ప్రహరీని ఐదో రోజు నుంచి ఏడో రోజుకు జరిపితే స్తంభాలు వరసగా 4, 4, 6, 6, 6, 6, 6, 3 అవుతాయి. ఒక్కటీ గీత దాటదు, ఇల్లు 8 రోజుల్లోనే పూర్తవుతుంది. పైకి పొడుచుకొచ్చిన స్తంభాన్ని చూడగానే అదనపు మనుషుల కోసం పరుగెత్తడం చాలా చోట్ల అలవాటు. ముందు ఫ్లోట్ చూసుకుంటే ఇక్కడ ఆ ఖర్చే ఉండదు.

అయితే ఈ చార్టు మేస్త్రీలందరినీ ఒకే గాటన కట్టింది. ఇటుక కట్టే చెయ్యి, ప్లాస్టరింగ్ చేసే చెయ్యి వేరైతే ఎవరి హిస్టోగ్రామ్ వారికే గీయాలి. ఒక్కొక్కరి గీత ఒక్కో ఎత్తులో ఉంటుంది.

ఇక ఆరుగురిలో ఒకరు రాలేదనుకుందాం. ఐదుగురికి 8 రోజులంటే 40 మేస్త్రీ రోజులు. స్తంభాలన్నీ కూడితే అవసరం 41. ఏ పనిని ఎటు జరిపినా 8 రోజుల్లో కుదరదని ఈ కూడికతోనే తేలిపోతుంది. లోటు ఒక్కటే కదా, ఇంకో రోజు కలిస్తే చాలనిపిస్తుంది. కానీ ముగ్గురు కావలసిన ప్రహరీ, నలుగురితో నడిచే గోడల పక్కనా ఇమడదు, ముగ్గురితో నడిచే ప్లాస్టరింగ్ పక్కనా ఇమడదు. దానికి విడిగా 3 రోజులు కావాల్సిందే. ఐదుగురి లోపల ఇమిడేది ప్లాస్టరింగ్ పక్కన గానీ, ప్రహరీ పక్కన గానీ సెప్టిక్ ట్యాంకు ఒక్కటే. ఇల్లు 11 రోజులకు చేరుతుంది. లేదా మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు, ఆ ఐదు రోజులకు మాత్రమే, ఆరో మేస్త్రీని కూలికి పిలిస్తే పాత గడువు నిలుస్తుంది.