ఒత్తులకు చోటున్న పేజీ

ఇన్‌డిజైన్‌లో తెలుగు నవల ఫైలు తెరిచి అక్షరం సైజు 12 పాయింట్లు పెడితే, వరుసకూ వరుసకూ మధ్య దూరాన్ని సాఫ్ట్‌వేరు తనంతట తానే 14.4 పాయింట్లు చేసేస్తుంది. అక్షరం సైజులో 120 శాతం అన్నది దాని మామూలు లెక్క. పేజ్‌మేకర్ రోజుల నుంచీ ఇదే వరస. ఇంగ్లిషు పుస్తకానికి ఈ దూరం హాయిగా సరిపోతుంది. తెలుగుకు మాత్రం చాలదు.

ఇంగ్లిషులో గీత కిందికి దిగే అక్షరాలు నాలుగైదే, అవీ కొద్దిగానే దిగుతాయి. తెలుగులో ప్రతి వరుసలోనూ ఒత్తులు కిందికి వేలాడుతుంటాయి, గుడులూ ఏత్వాలూ ఓత్వాలూ పైకి లేస్తుంటాయి. పై వరుసలో ‘స్త్రీ’ ఉండి, సరిగ్గా దాని కింద ‘ధీరుడు’ పడిందనుకుందాం. 14.4 దగ్గర చాలా ఫాంట్లలో ‘స్త్రీ’ కింది ఒత్తులు ‘ధీ’ మీది గుడిదీర్ఘాన్ని తాకుతాయి. ‘రాష్ట్రం’ లాంటి మాటతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. దానిలోని రెండో ఒత్తును కొన్ని ఫాంట్లు మొదటిదాని కిందే పేరుస్తాయి, కొన్ని పక్కకు జరుపుతాయి. కింద పేర్చే ఫాంటుకు వరుసల మధ్య మరింత చోటు కావాలి. అలా తాకిన చోటల్లా ఏ గుర్తు ఏ వరుసదో తేల్చుకోవడానికి కన్ను ఒక్క క్షణం ఆగుతుంది. కరపత్రంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాలుగు వందల పేజీల నవలలో అదే అలసటగా మారి, పాఠకుడు పుస్తకం పక్కన పెట్టేస్తాడు.

అందుకే నవలకు ఫాంటు ఎంచుకునేవాళ్లు అక్షరం అందాన్ని చూసే ముందు ఒత్తు ఎంత కిందికి దిగుతుందో చూడాలి. వరుసల దూరం తేలాకే సైజు, ఆ తర్వాతే మందం.

సైజు దగ్గర ఇంకో చిక్కుంది. పాయింట్ల అంకె అక్షరం ఎత్తును చెప్పదు. అది అక్షరాన్ని అమర్చిన కనిపించని గడి ఎత్తు మాత్రమే. తెలుగు ఫాంటు గీసేవాళ్లు తలకట్టు మొదలుకొని అడుగున ఉన్న ఒత్తు దాకా చోటు చూసుకోవాలి. దానికోసం కొందరు అసలు అక్షరాన్నే చిన్నది చేస్తారు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో చతుర, గిడుగు అలాంటివి. వాటిని 12లో పెట్టి, పక్కనే నోటో సెరిఫ్ తెలుగును అదే 12లో పెడితే, రెండూ ఒకే సైజంటే నమ్మబుద్ధి కాదు. కాబట్టి ‘తెలుగు నవలకు 12 పాయింట్లు, 150 శాతం’ అని అన్ని ఫాంట్లకూ ఒకే సూత్రం చెప్పడం కుదరదు.

స్కేలుతో కొలవడం దీనికి మంచి ఉపాయం. ఇంట్లో సుఖంగా చదివించే తెలుగు నవల ఒకటి తీసుకుని, అందులో మొదటి వరుస అడుగు నుంచి పదకొండో వరుస అడుగు దాకా కొలవాలి. 62 మిల్లీమీటర్లు వచ్చిందంటే వరుస దూరం 6.2 మిల్లీమీటర్లు. ఒక పాయింటు సుమారు 0.353 మిల్లీమీటరు కాబట్టి అది దాదాపు 17.6 పాయింట్లు. అలాగే ఒత్తూ గుణింతమూ లేని ‘ల’ ఎత్తు కొలిచి, తీసుకోబోయే ఫాంటులో ‘ల’ అంతే ఎత్తు వచ్చేదాకా సైజు పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. ఆ సైజు ఒక ఫాంటులో 11 రావచ్చు, ఇంకోదాంట్లో 16 రావచ్చు. అంకెను చూసి భయపడనక్కర్లేదు.

ఇక పేజీల లెక్క. ఎనభై వేల మాటల నవల, డెమీ 1/8 సైజు, అచ్చుపడే భాగం ఎత్తు 170 మిల్లీమీటర్లు, వరుసకు సగటున ఏడు మాటలు అనుకుందాం. సాఫ్ట్‌వేరు ఇచ్చిన 14.4 పాయింట్లతోనే వెళితే పేజీకి 33 వరుసలు, పుస్తకం 346 పేజీలు. 17 పాయింట్లయితే 28 వరుసలు, 408 పేజీలు. 19 అయితే 25 వరుసలు, 457 పేజీలు. సంభాషణలు ఎక్కువుంటే మూడూ పెరుగుతాయి గానీ తేడా ఇదే దామాషాలో ఉంటుంది. 16 పేజీల ఫారాల్లో చూస్తే 14.4 నుంచి 17కు వెళ్లడానికి సుమారు నాలుగు ఫారాలు, అక్కణ్నుంచి 19కి మరో మూడు. మొదటి నాలుగు ఫారాల ఖర్చు పెట్టి తీరాల్సిందే. తర్వాతి మూడు అవసరమా కాదా అన్నది ఫాంటును బట్టి తేలుతుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘ఉజ్జ్వల’ లాంటి మాటల కింద ‘ధీ’, ‘టీ’, ‘శ్రీ’ పడేలా ఒక పేజీ కూర్చి, అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దూరంతో మొదలుపెట్టి, అర పాయింటు చొప్పున పెంచుతూ తగ్గిస్తూ చూస్తే, ఏదీ తగలకుండా ఉండే దూరం త్వరగానే దొరుకుతుంది.

మందాన్ని పరీక్షించడానికి ‘కథ’ అన్న ఒక్క మాట చాలు. ‘థ’ కడుపులో చుక్క ఉంటుంది, ‘ధ’లో ఉండదు. అక్షరం మరీ మందమైతే సిరా పాకి చుక్క చుట్టూ ఉన్న తెల్లచోటు పూడిపోతుంది. మరీ సన్నమైతే చుక్క సరిగా పడదు, ‘కథ’ కాస్తా ‘కధ’గా కనిపిస్తుంది. ‘ఠాణా’లోని ‘ఠ’కూ ఇదే గండం. సిరాను బాగా పీల్చే చవక కాగితం మీద గీతలన్నీ కొంత లావెక్కుతాయి కాబట్టి దానికి కాస్త సన్నని అక్షరమే నయం. నునుపైన తెల్ల మ్యాప్లిథో మీద అదే అక్షరం వెలిసినట్టుంటుంది. నోటో సెరిఫ్ తెలుగులో మందం 100 నుంచి 900 దాకా మార్చుకునే వీలుంది. మామూలు 400తో ఒక పేజీ, 500తో ఒక పేజీ తీసి పక్కపక్కన పెట్టుకోవచ్చు. మండలి లాంటి ఫాంట్లలో ఉన్నది ఒకే మందం. బోల్డ్ లేని ఫాంటుకు వర్డ్‌లో బోల్డ్ నొక్కితే అది ఉన్న గీతనే ఉబ్బిస్తుంది. ముందు పూడిపోయేవి ఈ చుక్కలే.

గీత తీరు కూడా చూడాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. పోతనలో గీత లావూ సన్నమూ అవుతూ సాగుతుంది, వేమనలో దాదాపు ఒకే మందంతో ఉంటుంది. సుదీర్ఘమైన కథనానికి లావుసన్నాల గీతే నప్పుతుంది. ఒకే మందంతో సాగే గీత పేజీ నిండా పరుచుకుంటే అక్షరాల పోలికలు కలిసిపోయినట్టుంటాయి. టిరో తెలుగు కూడా చూడదగ్గదే. హార్వర్డ్ ప్రచురించే మూర్తి క్లాసికల్ లైబ్రరీ కోసం జాన్ హడ్సన్, ఫియోనా రాస్ చేసిన పని నుంచి వచ్చిన ఫాంటు ఇది. సాహిత్య గ్రంథాల కోసమే గీసింది, ఉచితంగానే దొరుకుతుంది. దీనికి బోల్డ్ లేదు కాబట్టి అధ్యాయాల పేర్లకు రామభద్ర లాంటి మరో ఫాంటు వెతుక్కోవాలి.

ఇలాంటి యూనికోడ్ ఫాంట్లు వాడేటప్పుడు ఇన్‌డిజైన్‌లో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోవాలి. లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి.

ప్రూఫు మాత్రం తెర మీద చూసి తేల్చేది కాదు. డెమీ పేజీని ఎ4 కాగితం మీద తీసేటప్పుడు ప్రింటరు కిటికీలో ‘Fit’ ఉండిపోతే పేజీ మూడోవంతుకు పైగా పెద్దదవుతుంది, 12 పాయింట్ల అక్షరం 16లా కనిపిస్తుంది. అది చూసి రచయిత ‘బాగుంది’ అంటారు, అచ్చయ్యాక అక్షరం చిన్నదైపోయిందని బాధపడతారు. ‘Actual size’ పెట్టి, అచ్చువేయబోయే కాగితం మీదే తీసి, అరవై దాటిన పాఠకులు ఒకరిద్దరిచేత ఇరవై పేజీలు ఏకబిగిన చదివించాలి. వాళ్లు ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారో పెన్సిలుతో గుర్తు పెట్టించుకోవాలి.

అన్నీ కుదిరాక ప్రచురణకర్త పేజీలు తగ్గించమంటే వరుసల జోలికి వెళ్లకూడదు. ప్రతి అధ్యాయాన్నీ కొత్త పేజీలో మొదలుపెట్టే బదులు, ముందు అధ్యాయం ముగిసిన పేజీలోనే కాస్త చోటు వదిలి మొదలుపెట్టవచ్చు. నలభై అధ్యాయాల నవలలో అలా సగటున అధ్యాయానికి అరపేజీ మిగిలినా ఇరవై పేజీలు తగ్గుతాయి, అంటే ఒక ఫారానికి పైనే.