లాగ్‌బుక్ వేరు, రిపోర్టు వేరు

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి ఇంటర్న్‌షిప్ పుస్తకంలో ఏ రోజు ఏం చేశారో నింపడానికి పట్టికలుంటాయి. చాలామంది విద్యార్థులు వాటినే పేరాలుగా మార్చి రిపోర్టు అనిపించేస్తారు. ‘మూడో రోజు కెపాసిటర్ ప్యానెల్ చూశాం, నాలుగో రోజు పవర్ ఫ్యాక్టర్ గురించి తెలుసుకున్నాం’ అని రాసుంటే, ఆ అబ్బాయి ఫ్యాక్టరీకి వెళ్లాడన్న సంగతి తప్ప చదివేవాళ్లకు మరేమీ తెలియదు.

అదే ప్యానెల్ గురించి రిపోర్టు ఎలా రాయొచ్చో చూద్దాం. ఓ చిన్న పరిశ్రమలో 60 కిలోవాట్ల లోడ్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.93 దాటడం లేదనుకుందాం. కాంటాక్టర్లు పడుతున్నాయి, వోల్టేజీ సరిగానే ఉంది, ఇండికేటర్ దీపాలూ వెలుగుతున్నాయి. సూపర్‌వైజర్ అనుమతితో, ఎలక్ట్రీషియన్ పక్కనుండగా విద్యార్థి 25 కేవీఏఆర్ కెపాసిటర్‌కు వెళ్లే మూడు ఫేజుల్లోనూ క్లాంప్ మీటరుతో కరెంటు కొలిచాడు. 415 వోల్టుల దగ్గర ఒక్కో ఫేజులో 35 ఆంపియర్ల దాకా రావాలి. వచ్చినవి 35, 20, 20. డెల్టాగా కలిపిన మూడు భాగాల్లో ఒకటి తెగిపోతే సరిగ్గా ఇలాగే వస్తుంది. ఫ్యూజు పోయుంటే ఒక ఫేజులో సున్నా కనిపించేది. అంటే ఆ కెపాసిటర్ మూడింట రెండొంతులే పనిచేస్తోంది. 8 కేవీఏఆర్ పైచిలుకు లోటు.

రిపోర్టుకు ఈ మూడంకెలు ప్రాణం. ‘కాంటాక్టర్ పడితే కెపాసిటర్ పనిచేస్తున్నట్టే అనుకునేవాణ్ని, వోల్టేజీ చూస్తే ఈ లోపం బయటపడదని కొలిచాకే తెలిసింది’ అని రాస్తే ఏం నేర్చుకున్నాడో విడిగా చెప్పనక్కర్లేదు. నేర్చుకున్న అంశాలంటూ సిలబస్‌లోని పేర్లు వరసగా పేర్చడం నా దృష్టిలో కాగితం దండగ.

ఇక చేసిన పని. కొలిచింది, లోపం గుర్తించింది విద్యార్థి. కెపాసిటర్ మార్చింది ఎలక్ట్రీషియన్. ఆపేశాక కూడా అందులో ఛార్జి నిలిచి ఉంటుంది, విద్యార్థి చేయి పెట్టాల్సిన చోటు కాదది. ఈ తేడాను రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయాలి. అంతా ‘చేశాం’ అని కలిపేస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది: ‘ఇందులో నువ్వు చేసిందేంటి?’

ఫలితం దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. కెపాసిటర్ మార్చాక అదే 60 కిలోవాట్ల దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.97కు చేరిందని రాయాలి. ‘అదే లోడ్’ అన్న మాట లేకపోతే పోలికకు విలువ ఉండదు, ఎందుకంటే మోటార్లు ఎన్ని తిరుగుతున్నాయన్న దాన్నిబట్టి కూడా ఆ అంకె మారిపోతుంది. రీడింగుల పట్టికలు, లాగ్‌బుక్ పేజీలు అనుబంధంలో పెడితే చాలు. కొద్దిరోజుల రీడింగులు పట్టుకుని ఏడాదికి ఇన్ని వేలు ఆదా అని లెక్కకట్టే పేజీ మాత్రం వద్దు. బిల్లులు చేతికొచ్చాక ఆ లెక్క కంపెనీవాళ్లే వేసుకుంటారు.